ట్రాన్స్‌ఫార్మర్ ల్యాబ్ వైవా: క్లాసు నోట్సును ప్రశ్నల పత్రంగా తిరగరాయడం

ప్రశ్న: సర్, నేను బీటెక్ ఈఈఈ చదువుతున్నాను. వచ్చే వారం ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ వైవా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద నోట్సు నిండుగా ఉంది, చదివాను కూడా. కానీ ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. నోట్సును ప్రశ్నలు, జవాబులుగా తిరగరాసుకోమని సీనియర్లు అంటున్నారు. ఎలా రాయాలి? ఎన్ని రాయాలి?

జవాబు:

ఒక్కో ప్రయోగానికి పది, పన్నెండు ప్రశ్నలు చాలు. అయితే వాటిని విడివిడిగా రాయకండి, గొలుసులుగా రాయండి. మొదటి ప్రశ్నకు మీరిచ్చే జవాబులోంచే రెండో ప్రశ్న పుట్టాలి, దాని జవాబులోంచి మూడోది. ఏ జవాబూ రెండు మూడు చిన్న వాక్యాలు దాటకూడదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: మీ జవాబులో వచ్చే ప్రతి సాంకేతిక పదానికీ మీ దగ్గర తర్వాతి జవాబు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ పదాన్ని జవాబులోంచి తీసేయండి.

ఈ నియమం ఎందుకో చెబుతాను. మెషీన్స్ ల్యాబ్ చెబుతూ, వేరే కాలేజీలకు ఎక్స్‌టర్నల్‌గా వెళుతూ చాలా ఏళ్లుగా ఈ బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. ప్రశ్నల జాబితా జేబులో పెట్టుకుని వచ్చే ఎగ్జామినర్లు తక్కువ. మొదటి ప్రశ్న మీ రికార్డులోంచి వస్తుంది, రెండో ప్రశ్న మీ నోటిలోంచి వస్తుంది. "షార్ట్ సర్క్యూట్ టెస్టులో హిస్టెరిసిస్ లాస్, ఎడ్డీ కరెంట్ లాస్ ఉండవు సర్" అని మీరు అంటే, నేను వెంటనే "హిస్టెరిసిస్ అంటే ఏమిటి?" అంటాను. ఆ పదం నేను తెచ్చింది కాదు, మీరే బల్ల మీద పెట్టారు. అదే జవాబును "కోర్ లాస్ చాలా తక్కువగా ఉంటుంది సర్, ఎందుకంటే మనం ఇచ్చే వోల్టేజి తక్కువ" అని ముగిస్తే, నా తర్వాతి ప్రశ్న వోల్టేజికీ కోర్ లాస్‌కూ ఉన్న సంబంధం మీదకు వెళుతుంది. ఆ దారిలో మీరు తయారై ఉంటే, సంభాషణ సగం మీ చేతిలో ఉన్నట్టే.

నోట్సు ఇందుకు పనికిరాకపోవడానికి కారణం ఉంది. నోట్సు లెక్చరర్ చెప్పిన వరుసలో ఉంటుంది: సూత్రం, నిర్మాణం, ఈఎంఎఫ్ ఈక్వేషన్, ఫేజర్ డయాగ్రం, ఆ తర్వాత టెస్టులు. వైవా వరుస దాదాపు తలకిందులు. మీటర్లో కనిపించిన అంకెతో మొదలై, అది ఎందుకలా వచ్చిందో అడుగుతూ వెనక్కి ఈఎంఎఫ్ ఈక్వేషన్ దాకా పోతుంది. అందుకే పత్రం రాసేటప్పుడు నోట్సు మొదటి పేజీ తెరవకండి. రికార్డులో మీ రీడింగుల పట్టిక తెరవండి. ప్రశ్నలు అక్కడి నుంచి రాయండి, జవాబుల కోసం మాత్రమే నోట్సులోకి వెళ్లండి.

ఒక ప్రయోగాన్ని పూర్తిగా చేసి చూపిస్తాను. సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు. దాదాపు ప్రతి కాలేజీలోనూ ఉండే ప్రయోగం, ఎగ్జామినర్లకు బాగా ఇష్టమైనది కూడా. ట్రాన్స్‌ఫార్మర్ 2 కేవీఏ, 230/115 వోల్టులు అనుకుందాం. రీడింగులు ఇలా వచ్చాయనుకోండి. ఓపెన్ సర్క్యూట్ టెస్టు ఎల్‌వీ వైపు: 115 వోల్టులు, 1 ఆంపియర్, 40 వాట్లు. షార్ట్ సర్క్యూట్ టెస్టు హెచ్‌వీ వైపు: 15 వోల్టులు, 8.7 ఆంపియర్లు, 80 వాట్లు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పత్రంలో మీవే రాసుకోండి.

క్లాసు నోట్సులో ఈ టెస్టు గురించి సాధారణంగా ఇలా ఉంటుంది: "ఓపెన్ సర్క్యూట్ టెస్టు ఎల్‌వీ వైపు చేయాలి. హెచ్‌వీ వైపు తెరిచి ఉంచాలి. రేటెడ్ వోల్టేజి ఇవ్వాలి. వాట్‌మీటర్ కోర్ లాస్ చూపిస్తుంది, కాపర్ లాస్ లెక్కలోకి రాదు. ఎల్‌పీఎఫ్ వాట్‌మీటర్ వాడాలి." వినడానికి అన్నీ ఆదేశాలే. ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో మూడు ప్రశ్నలు రాయండి: ఎందుకు? ఎంత? అలా చేయకపోతే ఏమవుతుంది? కొన్ని వాక్యాలకు మూడూ కుదరవు, ఫరవాలేదు. కుదిరినవే మీ పత్రంలోకి వచ్చే ప్రశ్నలు.

"కాపర్ లాస్ లెక్కలోకి రాదు" అన్న వాక్యాన్ని తీసుకుందాం. "ఎందుకు" అంటే, సెకండరీ తెరిచి ఉంది కనుక నో-లోడ్ కరెంట్ మాత్రమే ప్రవహిస్తుంది, అది చిన్నది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. "ఎంత" అని కూడా అడిగి చూడండి. షార్ట్ సర్క్యూట్ టెస్టు నుంచి హెచ్‌వీ వైపు రెసిస్టెన్స్ 80/8.7² = 1.06 ఓమ్‌లు. ఎల్‌వీ వైపుకు మారిస్తే నాలుగో వంతు, అంటే 0.26 ఓమ్‌లు. 1 ఆంపియర్ దగ్గర కాపర్ లాస్ ఎంత ఎక్కువ వేసుకున్నా 0.26 వాట్లే. 40 వాట్లలో అది ఏ మూలకు? నిజానికి కరెంట్ ఒక్క ఎల్‌వీ వైండింగులోనే పోతోంది కనుక అందులోనూ సగమే. ఈ అంకె చెప్పగలిగిన విద్యార్థిని ఎగ్జామినర్ ఆ అంశం మీద ఇక తవ్వడు. "నెగ్లిజిబుల్ సర్" అని మాత్రమే అన్నవాణ్ణి తప్పకుండా తవ్వుతాడు.

ఇప్పుడు పత్రంలో ఒక గొలుసు ఎలా ఉంటుందో చూడండి. వైవాలో మీరు ఇంగ్లీషులోనే చెబుతారు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

షార్ట్ సర్క్యూట్ టెస్టులో మీరిచ్చిన వోల్టేజి ఎంత?
15 వోల్టులు. రేటెడ్ వోల్టేజిలో ఆరున్నర శాతం.

పూర్తి వోల్టేజి ఎందుకు ఇవ్వలేదు?
షార్ట్ చేశాక కరెంటును ఆపేది వైండింగుల ఇంపిడెన్స్ ఒక్కటే. అది 15/8.7 = 1.72 ఓమ్‌లు. 230 వోల్టులు ఇస్తే దాదాపు 133 ఆంపియర్లు వస్తాయి, రేటెడ్ కరెంటుకు పదిహేను రెట్లు.

మరి వాట్‌మీటర్ చూపిన 80 వాట్లు దేనివి?
పూర్తి లోడ్ కాపర్ లాస్. కోర్ లాస్ ఇందులో దాదాపు లేదు.

ఎందుకు లేదు? కోర్ అక్కడే ఉంది కదా?
వోల్టేజి తక్కువ కనుక ఫ్లక్స్ తక్కువ. కోర్ లాస్ సుమారుగా వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. ఆరున్నర శాతం వోల్టేజి దగ్గర 40 వాట్లు కాస్తా 0.2 వాటు కూడా ఉండదు.

వోల్టేజి తగ్గితే ఫ్లక్స్ ఎందుకు తగ్గుతుంది?
E = 4.44 f Φm N. ఫ్రీక్వెన్సీ, చుట్ల సంఖ్య మారలేదు కనుక ఫ్లక్స్ వోల్టేజిని అనుసరిస్తుంది.

అయితే లోడ్ పెరిగినప్పుడు ఫ్లక్స్ పెరుగుతుందా?
పెరగదు, దాదాపు అంతే ఉంటుంది. సెకండరీ ఆంపియర్-టర్న్‌లను రద్దు చేయడానికి సరిపడా అదనపు కరెంటును ప్రైమరీ సరఫరా నుంచి తీసుకుంటుంది.

ఈ గొలుసు పదిహేను వోల్టుల దగ్గర మొదలై ఈఎంఎఫ్ ఈక్వేషన్ దాకా, అక్కడి నుంచి లోడ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ పనితీరు దాకా వెళ్లింది. నోట్సులో ఇవి మూడు వేర్వేరు పాఠాలు. చివరి ప్రశ్నలో మంచి విద్యార్థులు కూడా తడబడతారు, ఎందుకంటే కరెంట్ పెరిగితే ఫ్లక్స్ పెరగాలన్నది మనసుకు సహజంగా తోచే జవాబు. మీ పత్రంలో ఇలాంటి ప్రశ్న ప్రతి గొలుసు చివరా ఒకటి ఉండేట్టు చూసుకోండి.

జవాబు రాసే పద్ధతి కూడా గమనించండి. మొదటి వాక్యమే జవాబు, రెండోది కారణం, అంకె ఉంటే చివర. పరీక్ష పేపరులో నిర్వచనంతో మొదలుపెట్టి జవాబు దగ్గరకు నడిపించడం మనకు అలవాటు. నోటితో చెప్పేటప్పుడు అది ఎదురు తిరుగుతుంది. "ఫ్లక్స్ పెరుగుతుందా?" అంటే "పెరగదు" అన్న మాట ముందు రావాలి. "ట్రాన్స్‌ఫార్మర్ ఒక స్టాటిక్ డివైజ్, దాని ప్రైమరీకి..." అని మొదలుపెడితే, మీకు జవాబు తెలియక కాలయాపన చేస్తున్నారని ఎగ్జామినర్ అనుకుంటాడు. తెలిసి ఉండి కూడా మార్కులు పోయేది ఇక్కడే.

రెండో గొలుసు "ఏ వైపు, ఎందుకు" అన్నది. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నోట్సులో ఉన్న జవాబు మీ బల్ల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిగ్గా అతకదు. ఓపెన్ సర్క్యూట్ టెస్టు ఎల్‌వీ వైపు ఎందుకంటే "హెచ్‌వీ వైపు ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది" అని నోట్సు చెబుతుంది. ఎగ్జామినర్ నవ్వి, "మీ హెచ్‌వీ 230 వోల్టులే, గోడ సాకెట్లో ఉన్నదే కదా?" అంటాడు. అప్పుడు మాట పడిపోతుంది. పత్రంలో జవాబు ఇలా ఉండాలి: ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు హెచ్‌వీ వైపు చేసినా కోర్ లాస్ అంతే వస్తుంది. ఎల్‌వీ వైపు నో-లోడ్ కరెంట్ రెట్టింపు ఉంటుంది కనుక మీటర్ మీద స్పష్టంగా చదవొచ్చు. ఇక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు అలా కుదరదు.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు" అన్నారు కనుక ఉదాహరణ అడుగుతారు. వీధి చివర స్తంభాల మీద ఉండే 100 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను పత్రంలో రాసి పెట్టుకోండి. దాని హెచ్‌వీ కరెంట్ సుమారు 5.25 ఆంపియర్లు, ఎల్‌వీ కరెంట్ సుమారు 133 ఆంపియర్లు. ఓపెన్ సర్క్యూట్ టెస్టుకు రేటెడ్ వోల్టేజి కావాలి కనుక 433 వోల్టుల వైపే సులువు, 11,000 వోల్టులు ఎక్కడి నుంచి తెస్తాం? షార్ట్ సర్క్యూట్ టెస్టుకు రేటెడ్ కరెంట్ కావాలి కనుక 5.25 ఆంపియర్ల వైపే సులువు. ఒకే ఉదాహరణ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతుంది. కంఠస్థం చేసిన నియమం కాదు, కారణం తెలిసి చెబుతున్నాడని వినేవారికి అర్థమవుతుంది.

మీటర్ల గొలుసు చిన్నదే, కానీ వదలకండి. నో-లోడ్ పవర్ ఫ్యాక్టర్ 40/(115 × 1) = 0.35. షార్ట్ సర్క్యూట్ టెస్టులో 80/(15 × 8.7) = 0.61. మొదటిదానికి ఎల్‌పీఎఫ్, రెండోదానికి యూపీఎఫ్ వాట్‌మీటర్ ఎందుకో ఈ రెండు అంకెలే చెబుతాయి: పవర్ ఫ్యాక్టర్ తక్కువైన చోట మామూలు వాట్‌మీటర్ ముల్లు స్కేలు మొదట్లోనే ఉండిపోతుంది, రీడింగు నమ్మలేం. దీని వెంట వచ్చేది మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్. 150 వోల్టులు, 5 ఆంపియర్లు, 0.2 పవర్ ఫ్యాక్టర్, 75 గీతల స్కేలు ఉన్న వాట్‌మీటర్ అయితే 150 × 5 × 0.2 / 75 = 2. ముల్లు 20 దగ్గర ఉంటే 40 వాట్లు. రికార్డులో 20 అనే రాసి ఉన్నవి నా దగ్గరకు తరచూ వస్తాయి. పత్రం రాసేటప్పుడే మీ రీడింగును ఒకసారి సరిచూసుకోండి. కోర్ లాస్ సగమైతే ఎఫిషియెన్సీ లెక్క అంతా తప్పుతుంది, వైవాలో అది బయటపడితే సర్దుకోవడం కష్టం.

ఇక ఈక్వివలెంట్ సర్క్యూట్. ఈ ప్రయోగంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఓపెన్ సర్క్యూట్ టెస్టు ఎల్‌వీ వైపు చేశారు కనుక ఆ రీడింగుల నుంచి వచ్చిన R0 (330 ఓమ్‌లు), X0 (123 ఓమ్‌లు) రెండూ ఎల్‌వీ వైపువి. షార్ట్ సర్క్యూట్ టెస్టు నుంచి వచ్చిన 1.06 ఓమ్‌ల రెసిస్టెన్స్, 1.36 ఓమ్‌ల రియాక్టెన్స్ హెచ్‌వీ వైపువి. ఈ నాలుగింటినీ ఒకే బొమ్మలో అలాగే వేసేస్తారు. నేను రికార్డు తెరిచి మొదట చూసేది ఆ బొమ్మనే. హెచ్‌వీ వైపుకు గీస్తే R0, X0 లను చుట్ల నిష్పత్తి వర్గంతో, అంటే 4 తో గుణించాలి: 1,320 ఓమ్‌లు, సుమారు 490 ఓమ్‌లు. పత్రంలో ఈ ప్రశ్న ఇలా రాసుకోండి: "ఈ బొమ్మ ఏ వైపుకు గీశారు? ఈ నాలుగు విలువల్లో వేటిని మార్చారు, ఎంతతో గుణించారు?" జవాబు ఒక్క వాక్యమే, కానీ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాలి. బొమ్మ గీయకుండా ఈ ప్రశ్నకు తయారు కావొద్దు.

చివరి గొలుసు ఎఫిషియెన్సీ. యూనిటీ పవర్ ఫ్యాక్టర్ దగ్గర పూర్తి లోడ్ ఎఫిషియెన్సీ 2000/(2000 + 40 + 80), అంటే 94.3 శాతం. గరిష్ఠ ఎఫిషియెన్సీ కాపర్ లాస్, కోర్ లాస్ సమానమైన చోట వస్తుంది. కాపర్ లాస్ లోడ్ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక √(40/80) = 0.707, అంటే పూర్తి లోడ్‌లో 71 శాతం దగ్గర. అక్కడ ఎఫిషియెన్సీ 94.6. దీని తర్వాత "ట్రాన్స్‌ఫార్మర్ రేటింగు కిలోవాట్లలో కాకుండా కేవీఏలో ఎందుకు ఇస్తారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మీ రెండు టెస్టులే దానికి జవాబు: కోర్ లాస్ వోల్టేజిని బట్టి, కాపర్ లాస్ కరెంటును బట్టి వచ్చాయి. వేడెక్కడానికి కారణం ఈ రెండే, లోడ్ పవర్ ఫ్యాక్టర్‌తో వీటికి పని లేదు. పుస్తకంలో వాక్యం బట్టీ పట్టడం కంటే ఇలా మీ ప్రయోగానికి ముడిపెట్టి చెప్పడం గట్టిగా నిలుస్తుంది.

ఇంటర్నెట్లో దొరికే "వంద వైవా ప్రశ్నలు" లాంటి పీడీఎఫ్‌ల గురించి కూడా అడుగుతుంటారు. ఒకసారి తిరగేయండి, మీ పత్రంలో లేని అంశం కనిపిస్తే చేర్చుకోండి. వాటితోనే మొదలుపెట్టవద్దు. వాటిలో ప్రశ్నలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉంటాయి. పైగా "బుకోల్ట్స్ రిలే అంటే ఏమిటి?" లాంటివి సగం ఉంటాయి, మీ బల్ల మీదున్న ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనె ట్యాంకే ఉండదు. స్నేహితుడి పత్రం జిరాక్సు తీసుకోవడం కూడా అంతే. అందులో అంకెలు అతనివి, మీ రికార్డులో వేరే ఉంటాయి. ఎగ్జామినర్ చేతిలో మీ రికార్డే ఉంటుంది.

కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమ వైపు ప్రశ్నలు, కుడి వైపు జవాబులు రాయండి. కుడి వైపు మూసి, గట్టిగా పైకి చెప్పండి. మనసులో చదువుకుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, నోరు తెరిస్తే గానీ ఎక్కడ ఆగుతున్నామో తెలియదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవారైతే ముందు కారణాన్ని తెలుగులో ఒకసారి చెప్పుకోండి, తర్వాత పరీక్షలో పలికే ఇంగ్లీషు వాక్యాన్ని రాయండి. ఆ వాక్యం పుస్తకంలోది కాకుండా మీ నోటికి తిరిగేది కావాలి. పుస్తక వాక్యం మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా పోతుంది. మీ సొంత చిన్న వాక్యం అలా పోదు.

ఈ పత్రం థియరీ పరీక్షకు సరిపోదని కూడా గుర్తుంచుకోండి. అక్కడ డెరివేషన్లు పూర్తిగా రాయాలి, ఇక్కడ వాటి ఫలితం, కారణం చాలు. ఎవరైనా ఎగ్జామినర్ వైవాలో డెరివేషన్ అడిగితే కాగితం, పెన్ను అడిగి మొదటి రెండు మెట్లు రాయండి. చాలాసార్లు అక్కడే ఆపమంటారు.

గొలుసులో మీకు తెలియని ప్రశ్న వస్తే ఏం చేయాలన్నదీ పత్రంలోనే తేల్చుకోండి. ఉదాహరణకు "ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీ ఇస్తే?" అన్నదానికి మీకు పూర్తి జవాబు రాకపోయినా, ఫ్లక్స్ మారదు కనుక ఎదురు ఈఎంఎఫ్ పుట్టదన్నది ఈఎంఎఫ్ ఈక్వేషన్ గొలుసులోనే ఉంది. అంతవరకు చెప్పండి. ఇక కరెంటును ఆపేది వైండింగు రెసిస్టెన్స్ ఒక్కటే, అది ఒక ఓమ్ కూడా ఉండదు. ఫ్యూజు పోతుంది, లేదా వైండింగు కాలుతుంది. చూశారా, ఇది మీరు విడిగా చదవనక్కర్లేని జవాబు. షార్ట్ సర్క్యూట్ టెస్టులో 133 ఆంపియర్ల ప్రశ్న పక్కనే దీన్ని రాసుకోండి.

మీ రీడింగులు, వాటి నుంచి మీరు రాసిన మొదటి గొలుసు ఇక్కడ పెడితే చూసి, ఏ పదం దగ్గర నేనైతే ఆపి అడుగుతానో గుర్తుపెట్టి చెబుతాను.